దక్కను దారులు: పాఠం నుంచి ఖాళీ మ్యాపు క్విజ్, దానిపై జవాబు షీటు

చరిత్ర విభాగం, తిరుపతి. బి.ఏ. విద్యార్థులకు చెప్పే "ప్రాచీన, మధ్యయుగ వాణిజ్య మార్గాలు" పాఠానికి తయారీ పత్రం. రెండు సెక్షన్లు, ఒక్కో దాంట్లో 56 మంది. షీట్లు మూడు: ఎర్ర సముద్రం నుంచి మలబారు దాకా, దక్కను, కోరమాండల్ తీరం. దక్కను షీటు ఇక్కడ పూర్తిగా ఉంది. మిగతా రెండింటికీ పద్ధతి అదే కాబట్టి తేడాలు మాత్రం చివర రాశాం.

పాఠంలోంచి ఏం తీయాలి

యాభై నిమిషాల పాఠంలో నలభై ఊళ్ల పేర్లు సులువుగా దొర్లుతాయి. అన్నిటినీ మ్యాపు మీద పెడితే అది కంఠస్థం పరీక్ష అవుతుంది. పాఠం నోట్సు ముందు పెట్టుకుని ప్రతి ఊరి పేరుకీ ఒకటే అడగండి: ఇక్కడి నుంచి ఎక్కడికి, ఏ సరుకు, ఏ కాలంలో? వీటిలో ఒక్కదానికైనా పాఠంలో జవాబు ఉంటే ఊరు షీటులోకి వస్తుంది, లేకపోతే పోతుంది. తక్షశిల, మథుర దక్కను షీటులో లేనిది అందుకే. పాఠంలో వాటి పేర్లు వచ్చాయి గానీ దక్కను సరుకుతో ముడి పడలేదు.

మిగిలినవాటిని మూడు రకాలుగా విడదీయాలి. చుక్కలు అంటే ఊళ్లు, రేవులు. గీతలు అంటే దారులు. మూడోది ప్రాంతాలు. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోయి, ప్రాంతాన్ని కూడా చుక్కగా పెట్టేస్తారు. ఒకటో శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం పెరిప్లస్ చెప్పే మసాలియా ఒక ఊరు కాదు, తీరప్రాంతం. దాన్ని మచిలీపట్నం మీద ఒక్క చుక్కగా గుర్తిస్తే, కృష్ణా ముఖద్వారమంతా నీడ వేసిన విద్యార్థికి అన్యాయంగా సున్నా పడుతుంది.

నేల మ్యాపు

తీరరేఖ, నదులు చాలు. నేచురల్ ఎర్త్ డేటా ఉచితం, హక్కుల చిక్కు లేదు. రాష్ట్రాల సరిహద్దులు వద్దు. అవి ఉంటే పిల్లలు "తేర్ మహారాష్ట్రలో ఉంది కదా" అని రాష్ట్రాన్ని పట్టుకుని ఊరిని ఊహిస్తారు, నదిని చూడరు. దేశ సరిహద్దు కూడా వేయకండి. వేయాల్సి వస్తే సర్వే ఆఫ్ ఇండియా ఇచ్చే అవుట్‌లైన్ మాత్రమే వాడాలి, విదేశీ డేటాలోని గీత పనికిరాదు. ఒకటో శతాబ్దపు మ్యాపులో ఇప్పటి సరిహద్దుకు ఎలాగూ పని లేదు.

నర్మద, తపతి, గోదావరి, భీమ, కృష్ణ, పెన్న. ఈ ఆరూ పేరు లేకుండా గీతలుగా ఉండాలి. పేరుతో అచ్చయ్యే ఊరు ఒకటే, తిరుపతి. అది జవాబు కాదు, ఆనవాలు. మన పిల్లలు అక్కడి నుంచి దిక్కులు లెక్క పెట్టుకుంటారు. దిద్దేటప్పుడు ప్రశ్నపత్రం మీద పరిచే పారదర్శక జవాబు షీటును ఇక్కడ పై షీటు అంటున్నాం. అది సరిగ్గా కూర్చుందో లేదో చెప్పే గుర్తుగానూ అదే చుక్క పనికొస్తుంది.

చట్రం: తూర్పు రేఖాంశం 72 నుంచి 84, ఉత్తర అక్షాంశం 11 నుంచి 24. ఎ4 నిలువు కాగితంపై 180 మి.మీ. వెడల్పు, సుమారు 205 మి.మీ. ఎత్తు. చట్రం పై ఎడమ మూల నుంచి మిల్లీమీటర్లలో:

```
x = 15.0 × (రేఖాంశం − 72)
y = 15.8 × (24 − అక్షాంశం)
```

నిలువు లెక్క కాస్త ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. ఈ అక్షాంశాల్లో ఒక డిగ్రీ రేఖాంశం నేల మీద ఒక డిగ్రీ అక్షాంశం కంటే తక్కువ దూరం. రెండింటికీ 15 పెడితే దక్కను అడ్డంగా సాగి, దూరాల లెక్క తప్పుతుంది. ఈ కొలతతో ఒక మి.మీ. దాదాపు 7 కి.మీ.

ఊళ్ల స్థానాలు (x, y): ఉజ్జయిని 56.7, 13.0. మహేశ్వర్ 53.9, 28.8. భరూచ్ 14.9, 36.2. పైఠాన్ 50.7, 71.4. సోపారా 12.0, 72.4. కళ్యాణ్ 17.0, 75.2. తేర్ 62.3, 89.7. అమరావతి 125.4, 117.4. ఘంటసాల 134.1, 123.7. తిరుపతి 111.3, 163.8.

సోపారా, కళ్యాణ్ మధ్య ఆరు మి.మీ. కూడా లేదు. అంకెలు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. చుక్కల్ని కదపకండి. సన్నని గీతలతో అంకెల్ని సముద్రంలోకి లాగండి.

పొరలు

ఇంక్‌స్కేప్‌లో మూడు పొరలు: నేల, ప్రశ్న, జవాబు. చట్రం బయట మూడు మూలల్లో మాత్రమే + గుర్తులు వేసి, కుడి కింది మూల వదిలేయండి. నాలుగు మూలల్లోనూ ఉంటే షీటును తలకిందులుగా పెట్టినా సరిపోయినట్టే కనిపిస్తుంది. కింద కచ్చితంగా 100 మి.మీ. గీత ఒకటి ఉండాలి. ప్రశ్నపత్రానికి నేల, ప్రశ్న పొరలు తెరిచి పీడీఎఫ్ తీయాలి. పై షీటుకు జవాబు పొర, + గుర్తులు, తిరుపతి చుక్క, 100 మి.మీ. గీత చాలు, తీరరేఖ అక్కర్లేదు.

షాపుకు పంపే ముందు తెలుగు అక్షరాలన్నీ ఎంచుకుని Path > Object to Path చేయాలి. లేకపోతే షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేక వత్తులు విడిపోతాయి, "ప్రతిష్ఠానం" గుర్తుపట్టలేనట్టు అచ్చవుతుంది. మార్పులు చేసుకోవడానికి అసలు ఫైలు వేరే పేరుతో ఉంచుకోండి, ఒకసారి పాత్ అయ్యాక అక్షరదోషం దిద్దలేరు.

ప్రశ్నపత్రం: దక్కను (క్రీ.శ. 1వ శతాబ్దం) · 20 నిమిషాలు · 20 మార్కులు

పేర్లు పెన్నుతో, దారులు హెచ్‌బీ పెన్సిల్‌తో. 1 మి.మీ. = 7 కి.మీ.

పేర్ల పెట్టె: బరిగజ, ఓజెన్, పైఠాణ, తగర, సుప్పార, కల్లియెన, ధాన్యకటకం, కంటకస్సిల, మోటుపల్లి, ముజిరిస్. రెండు పేర్లకు చుక్కలు లేవు.

1–8. చుక్కల పక్కన పాత పేరు, ఇప్పటి పేరు రాయండి. (8 × 1, పేరుకు అర మార్కు)

9. ఉజ్జయిని నుంచి ప్రతిష్ఠానం దాకా దక్షిణాపథం గీయండి. నర్మద దాటే చోట మాహిష్మతిని గుర్తించండి. (2)

10. తగర నుంచి పైఠాణ మీదుగా బరిగజకు సరుకు వెళ్లే దారి గీసి, బాణం గుర్తు పెట్టండి. ఒక్కో ఊరి సరుకు ఒకటి రాయండి. (2)

11. ధాన్యకటకం నుంచి కంటకస్సిలకు దారి గీయండి. (2)

12. మసాలియా తీరానికి నీడ వేయండి. (2)

13. పైఠాణ బరిగజకు ఇరవై రోజుల ప్రయాణమని పెరిప్లస్ చెబుతుంది. మ్యాపు మీద కొలిచి, రోజుకు ఎన్ని కి.మీ. నడక అవుతుందో చెప్పండి. (2)

14. కల్లియెనకు వచ్చిన గ్రీకు ఓడల్ని కాపలా పెట్టి బరిగజకు ఎందుకు తీసుకుపోయేవారు? ఒక వాక్యం. (2)

జవాబు షీటు మీద ఉండేవి

1 ఓజెన్, ఉజ్జయిని. 2 బరిగజ, భరూచ్. 3 సుప్పార, సోపారా. 4 కల్లియెన, కళ్యాణ్. 5 పైఠాణ, పైఠాన్ (ప్రతిష్ఠానం అని రాసినా సరే). 6 తగర, తేర్. 7 ధాన్యకటకం, అమరావతి. 8 కంటకస్సిల, ఘంటసాల (టాలెమీలో వచ్చే పేరు).

మోటుపల్లి పదమూడో శతాబ్దపు రేవుగా పాఠంలో వచ్చింది, ముజిరిస్ చట్రానికి దక్షిణాన ఉంది. ఘంటసాల చుక్కకు మోటుపల్లి అని రాసినవాళ్లు కాలాన్ని కలిపేస్తున్నారు, స్థలాన్ని కాదు. ఆ తప్పును విడిగా లెక్క పెట్టుకోండి. తర్వాతి క్లాసులో ఏం చెప్పాలో అదే చూపిస్తుంది.

ఇక గీతల వెడల్పు. జవాబు దారిని ఒక్క సన్నని గీతగా వేయడమే ఈ పనిలో పెద్ద పొరపాటు. దారిని రెండు చుక్కల గీతల మధ్య సందుగా వేయాలి. ఆ సందు ఎంత వెడల్పు అన్నది ఆధారం ఎంత గట్టిదో దాన్నిబట్టి. 11వ ప్రశ్నలో కృష్ణ వెంబడి దిగాలి, నది కళ్లెదుటే ఉంది, 6 మి.మీ. చాలు. దక్షిణాపథానికి 8 మి.మీ., మాహిష్మతికి, అంటే ఇప్పటి మహేశ్వర్‌కు, 6 మి.మీ. వ్యాసార్ధపు వలయం. 10వ దారికి మాత్రం 12 మి.మీ. ఇవ్వాలి, ఎందుకంటే పెరిప్లస్ రోజుల లెక్క, దిక్కు చెబుతుంది గానీ మధ్యలో ఏ కనుమ దిగారో చెప్పదు. మనకే తెలియని కచ్చితత్వాన్ని పిల్లల దగ్గర అడగకూడదు.

10కి సరుకు: పైఠాణ నుంచి విలువైన రాళ్లు, తగర నుంచి బట్టలు. బాణం బరిగజ వైపు. తిరగేసి వేస్తే ఒక మార్కు పోతుంది. 12కి కృష్ణా డెల్టా తీరం కచ్చితంగా నీడలో ఉండాలి, ఉత్తరాన కాస్త పాకినా తప్పు లేదు. 13: మ్యాపు మీద సుమారు 50 మి.మీ., అంటే 350 కి.మీ., రోజుకు 17–18 కి.మీ. తిన్నని గీత కొలత కాబట్టి అసలు నడక ఇంకొంచెం ఎక్కువే. 16 నుంచి 20 దాకా ఏది రాసినా మార్కులివ్వండి. 14: కల్లియెన చేతులు మారి అక్కడి వర్తకానికి అడ్డంకులు పెట్టారు. శక–సాతవాహన పోరు అని రాసినా పూర్తి మార్కులు.

అచ్చు

ప్రశ్నపత్రాలు సెక్షనుకు 60, మామూలు 75 జీఎస్ఎం కాగితం. పిల్లలు పేపర్లు మార్చుకుని దిద్దుతారు, ఏడుగురికి ఒక పై షీటు చొప్పున 8 ఓహెచ్‌పి షీట్లు. అవే రెండో సెక్షనుకూ వస్తాయి.

ఓహెచ్‌పి షీటు లేజర్ ప్రింటరుకు పనికొచ్చేదా అని ప్యాకెట్ మీద చూడండి. ఇంక్‌జెట్ షీటును లేజర్‌లో పెడితే వేడికి కరిగి లోపలి రోలరుకు చుట్టుకుంటుంది, షాపువాళ్లతో గొడవ. బాలాజీ కాలనీ వైపు జిరాక్స్ షాపుల్లో రెండు రకాలూ కలిపి పెట్టి ఉంటే, అడిగి తీసుకోండి.

ప్రింట్ కొట్టేటప్పుడు Fit కాదు, Actual size. Fit పెడితే 97 శాతానికి కుదించుకుపోయిందనుకోండి, 180 మి.మీ. చట్రంలో ఒక చివర 5 మి.మీ.కి పైగా తేడా వస్తుంది. ఘంటసాల ఏకంగా సముద్రంలో పడుతుంది. మొదటి కాపీ రాగానే 100 మి.మీ. గీతను స్కేలుతో కొలవండి. అర మి.మీ. కంటే తేడా ఉంటే మిగతావి కొట్టనివ్వకండి. కాగితం, ఓహెచ్‌పి రెండూ ఒకే మిషన్ మీద తీయాలి. ఒకటి ప్రింటు, ఇంకోటి జిరాక్స్ అయితే రెండింటి కొలతలూ వేరుగా ఉంటాయి.

జవాబు గీతలు ఎరుపు, 0.5 మి.మీ. మందం. సందు లోపల రంగు నింపకండి, పెన్సిల్ గీత కనబడదు. రంగు ప్రింటు లేకపోతే నలుపులో చుక్కల గీతలు. ఓహెచ్‌పి మీది టోనరు రాపిడికి రాలుతుంది, ఒక్కో షీటు మధ్య తెల్లకాగితం పెట్టి ఫైల్లో ఉంచండి.

మిగతా రెండు షీట్లు

సముద్రం షీటు ఎ4 అడ్డంగా, రేఖాంశం 28–80, అక్షాంశం 0–35, డిగ్రీకి 5 మి.మీ. చట్రం 30 దగ్గర మొదలుపెడితే అలెగ్జాండ్రియా బయటపడిపోతుంది. ఇక్కడ అసలు ప్రశ్న గీత ఆకారం: జులైలో ఈజిప్టు నుంచి బయల్దేరిన ఓడ ఏడెన్ దాటాక తీరం వెంబడి పోయిందా, నైరుతి గాలి పట్టుకుని నడిసముద్రం మీదుగా ముజిరిస్‌కు వచ్చిందా? పై షీటులో రెండో దారికి 15 మి.మీ. సందు వేసి, తీరం వెంబడి గీసినవాళ్లకు సగం మార్కులే ఇవ్వండి.

కోరమాండల్ షీటు రేఖాంశం 78–82, అక్షాంశం 12.5–16.5. అడ్డం డిగ్రీకి 45, నిలువు 46.5 మి.మీ. దీంట్లో ప్రతి చుక్కకూ కాలం కూడా రాయించాలి: మోటుపల్లి, గణపతిదేవుని అభయశాసనం 1244, మచిలీపట్నం, డచ్చివారు 1605, ఇంగ్లీషువారు 1611, పులికాట్, డచ్చివారు 1610, మద్రాసు 1639. ఇంత దగ్గరి కొలతలో చంద్రగిరి, తిరుపతి చుక్కలు 5 మి.మీ. ఎడంలోనే పడతాయి. చంద్రగిరిని జవాబు చుక్కగా ఉంచి, ఆనవాలుగా తిరుపతికి బదులు నెల్లూరు అచ్చు వేయండి.