రేపటి (బుధవారం, నవంబరు 19) ఉదయం 10:30 మీటింగ్ మార్పు: గురు, శుక్ర, శని వారాల్లో ఒకటి చెప్పగలరు

మేనేజరు గారికి, నమస్కారం.

ఓవర్‌హాల్ మీటింగుకి రేపు ఉదయం గుంటూరులో మీ కోల్డ్ స్టోరేజీకి రాలేకపోతున్నాను, క్షమించండి. ఇంకో ప్లాంటులో కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర అమ్మోనియా లీకవుతోందని గంట క్రితం ఫోను వచ్చింది. అది రేపు పొద్దున్నే విప్పి మార్చాలి, వాయిదా వేసే పని కాదు. మీరు పార్ట్‌నర్లందరినీ కూడగట్టాక ఇంత ఆలస్యంగా చెబుతున్నందుకు బాధగా ఉంది.

ముందు ఒక ముఖ్యమైన విషయం. రేపు 9:30కి రెండో నంబరు కంప్రెసర్ ఆపమని మీ ఆపరేటర్‌కి చెప్పి ఉంచాను. ఇక రేపు ఆపొద్దు, మామూలుగానే నడవనివ్వండి. ఆయనకూ ఫోన్ చేసి చెప్పాను. చాంబర్లలో మిర్చి బస్తాలు ఉండగా ఊరికే ఆపితే టెంపరేచర్ పెరుగుతుంది, ఆనక తలుపు తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది.

నాకు వీలున్న సమయాలు ఇవి, మూడింటికీ మీ దగ్గరికే వస్తాను:

గురువారం 20, మధ్యాహ్నం 3:00 నుంచి 4:30. నా మటుకు ఇదే మేలు. ఎండవేళ కండెన్సర్ మీద బరువు ఎక్కువ ఉంటుంది కాబట్టి డిశ్చార్జి ప్రెషర్ అసలు రీడింగు అప్పుడే తెలుస్తుంది.

శుక్రవారం 21, ఉదయం 8:30 నుంచి 10:00. చల్లటి వేళ కాబట్టి ప్రెషర్ తక్కువ చూపిస్తుంది. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, రీడింగుల కోసం మధ్యాహ్నం ఇంకోసారి చూడాల్సి వస్తుంది.

శనివారం 22, ఉదయం 11:00 నుంచి 12:30. యార్డుకి సెలవు కనక పార్ట్‌నర్లకి ఇది కుదరొచ్చు.

రేపు మధ్యాహ్నం 12 లోపు ఏదో ఒకటి ఖాయం చేయండి, అప్పటిదాకా మూడూ మీకే అట్టేపెడతాను. ఏదీ కుదరకపోతే సోమవారం 24న మీరు చెప్పిన టైముకి వస్తాను. విజయవాడ నుంచి వారధి, కాజ టోల్‌గేటు మీదుగా రావాలి, అందుకని చెప్పిన టైముకి అరగంట ముందే అక్కడుండేలా బయల్దేరతాను.

ఈ రెండు మూడు రోజుల వల్ల ఓవర్‌హాల్ పని వెనకబడదు. సామాను చేతికొచ్చాక పని 10 రోజులది, సంక్రాంతి దాటాక కొత్త సరుకు దిగేలోపు పూర్తవుతుంది. అయితే బేరింగులు, వాల్వ్ ప్లేట్ల ఆర్డరు ఈ నెలాఖరు దాటనివ్వొద్దు. అందుకే అంచనా ఈ రాత్రికే పంపుతున్నాను, పార్ట్‌నర్లు చూసుకుని ఉంటే మీటింగులోనే తేల్చేయొచ్చు. గత 30 రోజుల లాగ్‌బుక్, ఆఖరుసారి ఆయిల్ మార్చిన తేదీ తీసి ఉంచండి.

ఇట్లు,
సర్వీస్ ఇంజనీరు,
ఆటోనగర్, విజయవాడ