పెద్దమ్మకి

విజయవాడ,
కార్తీక సోమవారం

పెద్దమ్మా,

ఆపరేషనయ్యి ఇవాళ్టికి 12 రోజులు. నొప్పి ఇంకా బాగానే ఉందని, నువ్వు మాత్రం పళ్ల బిగువున ఓర్చుకుంటున్నావని వదిన ఫోన్లో చెప్పింది. నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందనే చెప్పు. నువ్వు చెప్పకపోతే మాత్ర ఎప్పుడు వెయ్యాలో వదినకెలా తెలుస్తుంది? ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చే ముప్పావుగంట ముందు వేసుకుంటే, ఆ అమ్మాయి కాలు కదిపే వేళకి మందు పనిచేస్తూ ఉంటుంది.

నాలుగు రోజుల్లో లేచి తిరుగుతావులే అని నేను రాయను. తుంటిలో విరిగిన బంతి తీసేసి కొత్తది పెట్టారు. చుట్టూ కండ అతుక్కోవడానికే 6 వారాలు పడుతుంది. వాకర్ వదిలి ధైర్యంగా నడవడానికి 3 నెలలో, అంతకు మించో పట్టొచ్చు. చేతికర్ర ఎప్పటికీ ఉండిపోవచ్చు కూడా. ఈ కార్తీకంలో కృష్ణ స్నానం లేదు, అమరావతి ప్రయాణం లేదు. అది నీకు చిన్న సంగతి కాదని తెలుసు పెద్దమ్మా.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ మంచం పక్కనున్న స్టీలు చెంబు. పొద్దున నింపిన చెంబు సాయంత్రానికి సగం కూడా తగ్గట్లేదట. రాత్రి బాత్రూముకి అన్నయ్యని లేపాల్సి వస్తుందని నీళ్లు మానేస్తున్నావు కదూ. నీళ్లు తగ్గితే మలబద్ధకం, నొప్పి మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం, నీరసం. లేవగానే కళ్లు తిరిగితే మళ్లీ పడే ప్రమాదం. నీకు గుండెకీ కిడ్నీకీ నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పలేదు. మజ్జిగ, చారు కలుపుకుని రోజుకి 6, 7 గ్లాసులు పడాలి. సాయంత్రం 6 లోపల ఎక్కువ భాగం తాగేసెయ్, ఆ తర్వాత మాత్రలకి సరిపడా చాలు. అయినా రాత్రి ఒకసారి లేవాల్సే వస్తుంది. లేపు. వైరు లేని కాలింగ్ బెల్ ఒకటి కొన్నాను. నొక్కేది నీ దిండు పక్కన, మోగేది అన్నయ్య గదిలో. వాడు లేవడానికి విసుక్కోడు. నిద్రలో నువ్వు ఒక్కదానివే దిగుతావేమోనని చెవులు రిక్కించి పడుకుంటున్నాడు, అదే వాడికి నిద్ర లేకుండా చేస్తోంది.

లేచేటప్పుడు వాకర్ పట్టుకుని లాగకు, అది నీ మీదికి వంగిపోతుంది. కుర్చీ చేతులు నొక్కి లేచి, నిలబడ్డాక వాకర్ అందుకో. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. తిరగాలంటే ఆ కాలి మీద గిర్రున తిరక్కుండా చిన్న చిన్న అడుగులేసి తిరుగు. పీట మీద కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, కిందపడ్డ తువ్వాలు కోసం వంగడం డాక్టరు సరేననేదాకా వద్దు, కీలు జారుతుంది. దేవుడి మందిరం ముందు ఎత్తు కుర్చీ వేయమన్నాను. ఒత్తులు నువ్వు చెయ్యి, దీపం వదిన వెలిగిస్తుంది.

ఇవాళ ఉపవాసం ఉన్నావంటే మాత్రం బాధపడతాను. ఖాళీ కడుపున ఆ మాత్రలు పడవు. కండ పట్టాలంటే పప్పు, పెరుగు పూటపూటా లోపలికి వెళ్లాలి. ఈ ఒక్క ఏడూ శివుడు ఏమీ అనుకోడు.

రాత్రుళ్లు ఎక్కడున్నావో తెలియక కంగారు పడ్డావట, పొద్దున్నే దానికి సిగ్గుపడ్డావట. సిగ్గెందుకు? ఈ వయసులో ఆపరేషన్ తర్వాత చాలామందికి అలా అవుతుంది, ఎక్కువమందికి మెల్లగా తగ్గుతుంది. కళ్లజోడు చేతికందేలా పెట్టుకో, గదిలో చిన్న లైటు ఉండనీ, పగలు కాసేపు వరండాలో వెలుతురులో కూర్చో. ఎక్కువైనా, జ్వరం తోడైనా డాక్టరుకి చెప్పాలని వదినతో అన్నాను. పిక్క వాచినా, నొప్పెట్టినా ఆ రోజే చూపించాలి. ఆయాసమొచ్చినా, ఛాతీలో నొప్పొచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్టకి వేస్తున్న సూది ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులూ వేయించుకో.

ఆదివారం పొద్దున బండికి గుంటూరు వస్తున్నాను. బెల్ నేనే బిగిస్తాను. ఆ పూట నీకు తల దువ్వి జడ వేస్తాను, తర్వాత నీ పక్కనే కూర్చుంటాను. మాట్లాడే ఓపిక లేకపోతే కళ్లు మూసుకుని పడుకో, నేనక్కడే ఉంటాను.

నీ చెల్లెలి కూతురు,
పద్మ