మా లేసు పేజీపై నిషేధం ఎత్తివేయాలని గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి అప్పీలు

నరసాపురం,
18 ఆగస్టు 2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: "సత్యవతి లేసు వర్క్స్, నరసాపురం" అనే మా వ్యాపార పేజీని నగ్నత్వం ఉందన్న ఆరోపణతో నిషేధించడంపై అప్పీలు.

అయ్యా,

నేను పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో చిన్న లేసు కొట్టు నడుపుతున్నాను. మీ వేదిక మీద 2019 నుంచి మా కొట్టు పేరుతో ఉన్న పేజీని ఈ నెల 9వ తేదీన మూసేశారు. "వయోజనుల నగ్నత్వం, లైంగిక కార్యకలాపాలు" అన్న నియమాన్ని మేం ఉల్లంఘించామని నోటీసులో రాశారు. మా పేజీలో అలాంటి ఫొటో ఒక్కటి కూడా లేదు. మళ్లీ చూడమని అడిగితే కాసేపట్లోనే "పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు" అని జవాబొచ్చింది. అంత తొందరగా వచ్చిన జవాబు ఒక మనిషి చూసి ఇచ్చిందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. అందుకే మీకు రాస్తున్నాను. మీ ఆఫీసులో ఎవరో ఒకరు ఆ ఫొటోలు స్వయంగా చూడాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఏ ఫొటో వల్ల ఇది జరిగిందో నోటీసులో రాయలేదు. అయితే నోటీసు పక్కన చిన్నగా కనిపించింది మా తెల్ల లేసు కోటు ఫొటో. చుడీదారు మీద వేసుకునే పొట్టి కోటు అది, ఆడపిల్లలు ష్రగ్ అంటారు. దాన్ని కొట్లో ఉన్న బొమ్మకి తొడిగి ఫొటో తీశాం. ఆ బొమ్మకి తల లేదు, చేతులు లేవు. లోపల థర్మాకోలు, పైన గోధుమరంగు బనీను గుడ్డ, నడుము కింద ఇనప రాడ్డు, మూడు కాళ్ల స్టాండు. లేసు అంటేనే కన్నాల అల్లిక కదా, ఆ కన్నాల్లోంచి వెనక ఉన్న గోధుమరంగు గుడ్డ కనిపిస్తుంది. మీ కంప్యూటరు ఆ గుడ్డని ఒంటి చర్మం అనుకుని ఉంటుంది. ఫొటోని కాస్త పెద్దది చేసి చూడండి. ఎడమ భుజం మీద గుడ్డని కలిపి కుట్టిన కుట్టు తెలుస్తుంది. మెడ ఉండాల్సిన చోట గుండ్రటి చెక్క మూత, దాని మీద మేం అంటించిన రేటు చీటీ ఉన్నాయి. ఒక మనిషి ఒక్కసారి చూస్తే చాలు, ఇక సందేహం ఉండదు. అదే బొమ్మని లేసు తీసేసి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి తీసిన ఫొటోలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇంకో విషయం కూడా గమనించమని కోరుతున్నాను. ఆ ఒక్క ఫొటోనే పోస్టుగా పెట్టాం, సరుకుల కేటలాగులో పెట్టాం, శ్రావణమాసం అమ్మకాల కోసం డబ్బు కట్టి ప్రకటనగానూ ఇచ్చాం. ప్రకటన ఇచ్చే ముందు మీ వాళ్లే దాన్ని పరిశీలించి ఆమోదించారు, ఆ ఆమోదం తెలిపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ కూడా జత చేశాను. ఆమోదించిన ఫొటో వారం తిరగకుండా ఎలా తప్పయింది? ఒకే ఫొటో మూడు చోట్ల ఉన్నందుకు మూడు తప్పులుగా లెక్కేసి పేజీ మొత్తం మూసేశారేమోనని నా అనుమానం. అలా జరిగి ఉంటే ఆ లెక్క సరిచేయండి. అంతకు ముందు ఇన్నేళ్లలో మా పేజీకి ఒక్క హెచ్చరిక కూడా రాలేదు, మీ రికార్డుల్లో చూసుకోవచ్చు.

మేం ఏం చేస్తామో కూడా చెప్పాలి. ఈ పని తెలియని వాళ్లకి మా సరుకు పలచటి గుడ్డలాగే కనిపించవచ్చు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి లేసు అల్లిక నేర్పారు. అప్పటినుంచి తల్లి దగ్గర కూతురు నేర్చుకుంటూ నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలోనూ, వశిష్ఠ గోదావరి అవతల సఖినేటిపల్లి వైపునా ఇల్లిల్లూ లేసు పనితో బతికింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఒక బల్లగుడ్డ ఒక్క చేత్తో తయారవదు. కొక్కెం ఉన్న సన్నటి సూదితో ఒకరు గుండ్రటి పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అంచులు అల్లుతారు. అవన్నీ ఒక చోటికి చేరాక వాటిని కలిపి ఒకే గుడ్డ చేసే పనిని అతుకుపని అంటాం. అన్నిటికన్నా చేయి తిరగాల్సిన పని అదే, బిగువు ఎక్కడ తేడా వచ్చినా ఉతికాక గుడ్డ ఒక పక్కకి లాగేస్తుంది. పొయ్యి దగ్గరా, పిల్లల దగ్గరా కూర్చుని అల్లినవి కనక మా దగ్గరికి వచ్చేసరికి దారం మాసి ఉంటుంది. మేం ఉతికి, గంజి పెట్టి, చెక్క మీద గుండు సూదులతో పరిచి ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అమ్ముతాం. దిండు గలీబులు, టీవీ మీద కప్పేవి, గుమ్మం తోరణాలు, చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డలు, ఈ మధ్యే కోట్లు. ఇవే మా పేజీ నిండా ఉన్నవి.

పేజీ పోతే వేరే దారి చూసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మా ఊళ్లో లేసుకి ఎప్పుడూ పెద్ద దిక్కు ఎగుమతులే. అమెరికా ఈ నెల 7 నుంచి మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది, 27 నుంచి ఇంకో 25 శాతం వేస్తామంటోంది. నాకు పని ఇచ్చే ఎగుమతిదారు కొత్త ఆర్డర్లు ఆపేశారు. ఇలాంటప్పుడు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఇళ్లకి నేరుగా అమ్మే దారి మాకు ఆ పేజీ ఒక్కటే. నాతో పాటు ఆ పేజీ మీద ఆధారపడ్డ ఆడవాళ్లు పాతికమందికి పైగా ఉన్నారు. వాళ్లలో భర్త లేని వాళ్లున్నారు, పొలం పనికి వెళ్లే ఓపిక లేని పెద్దవాళ్లున్నారు.

నష్టం డబ్బులోనే ఉంటే ఇంత బాధపడను. నోటీసు వచ్చిన రోజు పేజీ చూసుకునే మా మేనల్లుడు దాన్ని కొట్లో అందరి ముందూ చదివాడు. అప్పుడే సఖినేటిపల్లి నుంచి పంటు మీద సరుకు తెచ్చిన ఆడవాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకావిడ చిన్నప్పటినుంచీ అతుకుపని చేస్తున్న మనిషి. "మనం చేసేది బూతు పనా అమ్మా?" అని నన్ను అడిగింది. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. మర్నాడు ఇంకొకావిడ కోడలు వచ్చి, ఇంట్లో మగవాళ్లు వద్దంటున్నారని అత్తగారి లెక్క తేల్చమంది. మా వైపు ఇలాంటి మాట ఒక ఇంటి మీద పడితే అంత తొందరగా పోదు. అందుకే పేజీ తిరిగి ఇవ్వడం ఒక్కటే సరిపోదు. ఆ ఆరోపణ పొరపాటున వచ్చిందని మీరు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం కొట్లో అందరికీ కనపడేలా పెట్టుకుంటాను.

ఇక అత్యవసరమైన విషయం. మా ఆర్డర్లన్నీ పేజీ మెసేజ్‌లలోనే ఉన్నాయి, అవి ఇప్పుడు తెరుచుకోవడం లేదు. అడ్వాన్సు తీసుకున్న వాళ్లలో కొందరి పేర్లు బ్యాంకు లెక్కల్లో దొరికాయి గాని చిరునామాలు, కొలతలు, ఏ డిజైన్ అడిగారన్నది ఆ మెసేజ్‌లలోనే ఉండిపోయాయి. హైదరాబాదులో ఒకావిడ కూతురి పెళ్లికని బల్లగుడ్డలు చెప్పి 4,800 రూపాయలు ముందే పంపారు. ఆ సరుకు ఇస్త్రీ అయి కొట్లో సిద్ధంగా ఉంది, ఎక్కడికి పంపాలో తెలియదు. ఆవిడ వైపు నుంచి చూస్తే డబ్బు తీసుకున్న పేజీ రాత్రికి రాత్రి మాయమైంది. మోసం చేశాననే కదా అనుకుంటారు? నిర్ణయానికి మీకు ఇంకా సమయం కావాలంటే, ఈలోపు మెసేజ్‌లు చదువుకుని జవాబిచ్చే వీలైనా కల్పించండి. ప్రకటనల ఖాతాలో మేం ముందుగా కట్టిన డబ్బులో 3,400 రూపాయలు మిగిలి ఉన్నాయి, వాటి సంగతీ తేల్చండి.

చట్టం గురించి నాకు తెలిసినంత వరకు చెబుతాను, మా వార్డులో న్యాయవాది ఒకరు సాయం చేశారు. 2021 ఐటీ నియమాల ప్రకారం నా ఫిర్యాదు అందినట్టు మీరు 24 గంటల్లో తెలియజేసి, 15 రోజుల్లో పరిష్కరించాలి. మీవంటి పెద్ద వేదిక తనంతట తాను దేన్నైనా తొలగించినప్పుడు ఎందుకు తొలగించిందో వాడుకరికి చెప్పాలని, దాన్ని ప్రశ్నించే తగిన అవకాశం ఇవ్వాలని అదే నియమాల్లోని 4(8) చెబుతోంది. ఏ ఫొటోనో చెప్పకుండా నియమం పేరు మాత్రం రాస్తే నేను దేనికి జవాబు చెప్పుకోవాలి? మీ జవాబు సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లొచ్చని కూడా తెలుసు. అంత దూరం రాకుండా మీ దగ్గరే ఇది తేలిపోవాలని నా కోరిక. మీ వేదిక వల్ల మాకు ఇన్నాళ్లూ మేలే జరిగింది. అది నేను మరిచిపోలేదు.

ఒకవేళ బొమ్మ రంగే ఇబ్బంది అనుకుంటే చెప్పండి, నల్ల గుడ్డ చుట్టి ఫొటోలు మళ్లీ తీస్తాం. అది మాకు అరగంట పని. ముందే చెప్పి ఉంటే ఆ రోజే మార్చేవాళ్లం. ఇకముందైనా మాలాంటి చేతిపనుల కొట్లకి అలాంటి మాట ఒకటి ముందు చెప్పి, తర్వాతే మూసేయడం గురించి ఆలోచించండి.

క్రిస్మస్ ఆర్డర్లు మాకు సెప్టెంబరు మొదటి వారం నుంచే మొదలవుతాయి. చర్చి గుడ్డలు అల్లడానికి వారాలు పడుతుంది కనక ఆలస్యంగా వచ్చిన ఆర్డరు మేం తీసుకోలేం. ఈ నెలాఖరులోగా పేజీ తెరిచి, మీ నిర్ణయాన్ని తెలుగులో గాని ఇంగ్లీషులో గాని ఈ ఫారంలో ఇచ్చిన ఈమెయిల్‌కి పంపమని కోరుతున్నాను. ఫోన్‌లో మాట్లాడాలన్నా, వీడియోలో కొట్టు, బొమ్మ, సరుకు చూడాలన్నా ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నేను కొట్లోనే ఉంటాను.

ఇట్లు,
కె. సత్యవతి
యజమాని, సత్యవతి లేసు వర్క్స్
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా

జత చేసినవి: నిషేధం నోటీసు, రివ్యూ జవాబు స్క్రీన్‌షాట్లు, ప్రకటన ఆమోదం స్క్రీన్‌షాట్, లేసు కోటు అసలు ఫొటో, లేసు లేకుండా బొమ్మ ఫొటోలు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పత్రం, నా హస్తకళాకారుల గుర్తింపు కార్డు నకలు, అడ్వాన్సులు అందినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్.