9వ పేజీ: బుడగలు, చప్పుళ్లు, ప్యానెల్ వరుసలో

ఈ కామిక్ పేజీని స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ల కోసం టైప్ చేశాను. ఒక్క అక్షరం కూడా వదల్లేదు. బొమ్మల్లో కలిసిపోయిన చప్పుళ్లు కూడా ఉన్నాయి. ఈ పేజీలో సగం కథ వాటిలోనే ఉంది.

ముందు పేజీ చివర లిఫ్ట్ తలుపు మూసుకుంది. లోపల ముగ్గురు: అక్క, ఆమె తమ్ముడు చిన్ని, చేతికర్ర పట్టుకున్న ఒక తాతగారు.

పేజీలో 7 ప్యానెళ్లు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదవాలి. పై వరుసలో 2, మధ్య వరుసలో 3. కింది వరుస మొత్తం ఒకే పెద్ద ప్యానెల్. దాని కుడి మూలలో చిన్న ప్యానెల్ ఒకటి అతికించినట్టు ఉంది. బుడగ ఆకారం మాట తీరును మార్చినప్పుడు మాత్రమే ఆ సంగతి చెప్పాను.

ప్యానెల్ 1

కాప్షన్: ఆరో అంతస్తుకు వెళ్లాల్సిన లిఫ్ట్...

చప్పుడు (తలుపు పక్కన నిలువుగా, సన్న అక్షరాల్లో): ఊం... ఊం... ఊం...

చిన్ని: నేను నొక్కుతా! అక్కా, నేనే నొక్కుతా!

చప్పుడు (బటన్ చుట్టూ): టక్ టక్ టక్ టక్

అక్క: నొక్కావు కదరా. ఇంకెన్నిసార్లు?

(అక్క బుడగ ఎడమ పక్కన ఉంది కాబట్టి ముందు అదే చదవాలనిపిస్తుంది. కానీ చిన్ని బుడగ దానికన్నా పైన ఉంది, అక్క మాట దానికి జవాబు. అందుకే ముందు చిన్నిని పెట్టాను.)

ప్యానెల్ 2

తాతగారు: నాకోసం నాలుగు కూడా నొక్కు నాయనా.

చిన్ని: సరే తాతగారూ!

చిన్ని (మొదటి బుడగకు అతుక్కున్న రెండో బుడగ): మేము ఆరుకి!

బొమ్మలో అక్షరాలు (తలుపు పైన వెలుగుతున్న అంకె): 3

ప్యానెల్ 3

చప్పుడు (గీతలు గీసినట్టు గరుకైన అక్షరాలు, పైకప్పు పొడవునా): కిర్‌ర్‌ర్‌ర్‌ర్

(బొమ్మలో ర్‌లు పక్కపక్కనే 5 ఉన్నాయి, ఒక్కోటి ముందుదానికన్నా పెద్దది. మామూలుగా టైప్ చేస్తే అవి వత్తులుగా మారి ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. ఆర్టిస్ట్ వాటిని గొలుసులా అడ్డంగా లాగాడు. అందుకే ర్‌ల మధ్య U+200C అనే కనపడని గుర్తు పెట్టి విడదీశాను. ఈ ఫైల్‌ని కాపీ చేసేవాళ్లు దయచేసి వాటిని తీసేయకండి.)

తాతగారు: అదేంటి, ఈ చప్పుడు...

చప్పుడు (3, 4 ప్యానెళ్లు రెండింటి మీదా): ధన్!

(పేజీ మొత్తంలో ఇదే అన్నిటికన్నా పెద్ద అక్షరం. 'ధ' ఈ ప్యానెల్‌లో ఉంది, 'న్' మధ్యలోని తెల్ల ఖాళీని దాటి పక్క ప్యానెల్ చీకట్లో పడింది. రెండు చోట్లా రాస్తే వినేవాళ్లకు లిఫ్ట్ రెండుసార్లు అదిరినట్టు ఉంటుంది. అదిరింది ఒక్కసారే, దీపం పోయింది ఆ తర్వాతే. అందుకే ఇక్కడ ఒక్కసారే రాశాను.)

ప్యానెల్ 4

ప్యానెల్ మొత్తం నలుపు. మనుషులెవరూ కనపడరు, తెల్ల బుడగలు మాత్రమే ఉన్నాయి.

చిన్ని (ముళ్లలాంటి అంచున్న బుడగ, అరుపు): అక్కాఆఆఆ!

(బొమ్మలో 'క్కా' దీర్ఘం రిబ్బన్‌లా ప్యానెల్ కుడి అంచు దాకా సాగింది. ఇదే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. దీర్ఘం గుర్తునే మూడుసార్లు కొడితే చాలా ఫాంట్లలో చుక్కల సున్నా వస్తుంది, చదివే గొంతు అక్కడ తడబడుతుంది. అందుకే పక్కన విడి 'ఆ'లు పెట్టాను. రిబ్బన్ పొడవు మూడు అక్షరాలంత ఉంది, కాబట్టి మూడు. ఎక్కువ పెడితే ఏడుపు అవుతుంది, తక్కువ పెడితే మామూలు పిలుపు అవుతుంది.)

చప్పుడు (కింద మూలలో, చేతికర్ర జారిపడిన చోట): టప్. టకటకటక.

అక్క: ఇక్కడే ఉన్నా. చెయ్యి ఇవ్వు.

(ఈ బుడగకు తోక లేదు, ఎవరి మాటో బొమ్మ చెప్పదు. తర్వాతి ప్యానెల్‌లో చిన్ని చెయ్యి అక్క చేతిలో ఉంది కాబట్టి అక్క పేరు పెట్టాను.)

ప్యానెల్ 5

ఫోన్ వెలుతురులో మూడు ముఖాలు.

చప్పుడు (చిన్ని ఛాతీ చుట్టూ, వణికే అక్షరాలు): దడదడ దడదడ

చిన్ని (చుక్కల గీత బుడగ, గుసగుస): లిఫ్ట్ కింద పడిపోతుందా?

తాతగారు: పడదు నాన్నా. తాడు తెగినా పట్టాలను గట్టిగా కరుచుకునే బ్రేకు ఉంటుంది.

తాతగారు (అతుక్కున్న బుడగ): 1854లోనే న్యూయార్క్‌లో ఓటిస్ అనే ఆయన లిఫ్ట్ మీద నిలబడి, అందరి ముందూ తాడు తెగ్గొట్టించాడు. కింద పడలేదు!

అక్క (మబ్బు బుడగ, మనసులో): ఈయనకు ఇవన్నీ ఎలా తెలుసు?

(దడదడ బయటికి వినపడే చప్పుడు కాదు. చిన్ని ఒక్కడికే వినపడేది. అయినా ఆర్టిస్ట్ దాన్ని మిగతా చప్పుళ్లలాగే గీశాడు, అందుకే నేనూ అలాగే రాశాను. గుసగుస కన్నా ముందు పెట్టడానికి కారణం, అది ప్యానెల్ పై భాగం నుంచే మొదలవుతుంది, వాడి మాట దాని కింద నుంచి వస్తుంది.)

ప్యానెల్ 6

స్పీకర్ గొంతు (పళ్లలాంటి అంచు, తోక మెరుపులా విరిగి గోడమీది చిల్లుల దగ్గర ముగుస్తుంది): ఖర్‌ర్... లోపల ఎవరైనా... ఖర్‌ర్... ఎంతమంది? కం‍...రు పడకండి, వస్తు... ఖర్‌ర్

(ఖర్‌ర్ అక్షరాలు బుడగ లోపలే ఉన్నాయి, కొన్ని మాటల మీద పడ్డాయి. 'కంగారు'లో 'గా' వాటి కింద మునిగిపోయింది. దాన్ని నేను పూర్తిచేయలేదు. లోపలున్న ముగ్గురికి ఎంత వినిపించిందో చదివేవాళ్లకూ అంతే వినిపించాలి.)

అక్క: ముగ్గురం! ఒక పెద్దాయన కూడా ఉన్నారు!

తాతగారు: తలుపులు మనంతట మనం లాగం, మీరు నిదానంగా రండి అని చెప్పమ్మా.

చిన్ని: తాతగారూ, మీరు లిఫ్టులు బాగుచేస్తారా?

తాతగారు: ముప్పై ఏళ్లు అదే పని చేశాను.

తాతగారు (చిన్న అక్షరాలు, పెద్ద బుడగ నిండా ఖాళీ): ఇదీ నేను బిగించిందే.

(చివరి బుడగ చాలా పెద్దది, అక్షరాలు మాత్రం చిన్నవి. ఆ ఖాళీ వల్ల మాట నెమ్మదిగా, తనలో తాను అనుకున్నట్టు వినపడుతుంది. చదివి వినిపించేవాళ్లు దీనికి ముందు ఒక్క క్షణం ఆగాలి.)

ప్యానెల్ 7 (ప్యానెల్ 6 కుడి మూలలో ఇమిడిన చిన్న ప్యానెల్. బుడగలన్నీ అయ్యాకే చదవాలి, తాతగారి చివరి మాట దీని పైనే ముగుస్తుంది.)

చిన్ని ముఖం ఒక్కటే. నోరు తెరిచి పైకి చూస్తున్నాడు. ముఖం మీద వెలుతురు పడింది.

బొమ్మలో అక్షరాలు (చిన్ని కళ్లలో తిరగబడి కనపడే అంకె): 3

చిన్ని: అక్కా, వినపడిందా?

చప్పుడు (కుడి అంచుకు తగిలి, సన్న అక్షరాల్లో): ఊ

(మొదటి ప్యానెల్‌లోని 'ఊం' అక్షరాల తీరే ఇది. సున్నా పేజీ అంచు దగ్గర తెగిపోయింది, 10వ పేజీ దానితోనే మొదలవుతుంది. అందుకే ఇక్కడ 'ఊ' దగ్గరే ఆపాను. చుక్కలు కూడా పెట్టలేదు.)