దసరా కుట్టుపనికి ఆఖరి తేదీలు, ఆలస్యంగా ఇచ్చిన బట్టల సంగతి

మా దగ్గర కుట్టించుకునే అమ్మలకి, అక్కచెల్లెళ్లకి నమస్కారం.

ఈ ఏడాది సెప్టెంబర్ 22, సోమవారం నుంచి నవరాత్రులు. విజయదశమి అక్టోబర్ 2, గురువారం. పండక్కి కట్టుకునే చీరల జాకెట్లు, పిల్లల పట్టు లంగాలు, లంగా ఓణీలు ఏ తేదీ లోపల ఇస్తే చేతికందుతాయో కింద రాశాం. ఆ తేదీల్లో సాయంత్రం 8 గంటల దాకా తీసుకుంటాం. 8 దాటితే మర్నాటి లెక్కే.

హెవీ మగ్గం వర్క్ (చేతుల నిండా, వీపు నిండా): ఆగస్టు 30, శనివారం
సింపుల్ మగ్గం వర్క్ (మెడ చుట్టూ, చేతుల అంచున): సెప్టెంబర్ 6, శనివారం
పట్టు లంగాలు, లంగా ఓణీలు, లాంగ్ ఫ్రాకులు: సెప్టెంబర్ 10, బుధవారం
లైనింగ్ జాకెట్లు, ప్రిన్సెస్ కట్, ప్యాడ్ జాకెట్లు, కంప్యూటర్ వర్క్: సెప్టెంబర్ 13, శనివారం
లైనింగ్ లేని జాకెట్లు, లంగాలు: సెప్టెంబర్ 18, గురువారం
చీర కుచ్చులు: సెప్టెంబర్ 20, శనివారం
ఫాల్, పికో: సెప్టెంబర్ 24, బుధవారం
పాత జాకెట్లు లూజు చేయడం, బిగించడం: సెప్టెంబర్ 27, శనివారం

ముందుగా మహాలయ పక్షాల గురించి చెప్పాలి, ఏటా చిక్కొచ్చేది అక్కడే. సెప్టెంబర్ 8 నుంచి 21 అమావాస్య దాకా పక్షాలు. ఆ రోజుల్లో కొత్త బట్ట కుట్టడానికి ఇవ్వకూడదని చాలా ఇళ్లలో పట్టింపు ఉంటుంది. కాదనం. కానీ అమావాస్య వెళ్లాక ఇద్దామని అందరూ ఆగితే 22వ తేదీ ఉదయం షట్టర్ తీసేసరికి మెట్ల మీద సంచులు వరసకడతాయి. మా దగ్గర ఐదు మిషన్లు. లైనింగ్ జాకెట్లయితే ఒక్కో మిషన్ మీద రోజుకి నాలుగు దిగుతాయి, అంటే రోజుకి ఇరవై. 22 నుంచి 27 దాకా ఆరు రోజులకి నూట ఇరవై. అంతకు మించి ఎవరికి ఒప్పుకున్నా అది ఉత్త మాటే అవుతుంది. అందుకే పక్షాల పట్టింపు ఉన్నవాళ్లు సెప్టెంబర్ 6 లోపల, అంటే పౌర్ణమికి ముందే, బట్ట ఇచ్చేయండి. కుట్టి, హుక్స్ పెట్టి, మడిచి ఉంచుతాం. 22న పాడ్యమి నాడు వచ్చి పట్టుకెళ్లండి. మీ పట్టింపూ నిలుస్తుంది, మాకూ రెండు వారాలు కలిసొస్తాయి.

ఆర్డర్ ఇచ్చినట్టు ఎప్పుడు లెక్క?

బట్ట, ఆది జాకెట్టు, మోడల్, సగం అడ్వాన్సు. ఈ నాలుగూ మా చేతికొచ్చి, బిల్లు రాసిన రోజే ఆర్డర్ తేదీ. వాట్సాప్‌లో మెడ ఫొటో పంపి "మాది రాసేసుకోండి" అంటే రాసుకున్నట్టు కాదు. బట్ట ఇచ్చి "ఆది రేపు పంపిస్తా" అన్నా కాదు. అలా ఆది లేకుండా ఆగిపోయిన సంచులే పండగ ముందు ఎక్కువ గొడవ తెస్తాయి.

ఆది జాకెట్టు ఇప్పుడు మీకు సరిపోతున్నదే తేవాలి. రెండేళ్ల కిందటిది తెచ్చి "కొంచెం లూజు పెట్టండి" అంటే ఆ కొంచెం ఎంతో టేపుకి తెలియదు. సాగే గుడ్డతో కుట్టిన రెడీమేడ్ జాకెట్లు ఆదికి పనికిరావు, ఆ కొలతకి పట్టుగుడ్డ కత్తిరిస్తే చంక దగ్గర పట్టేస్తుంది. ప్రిన్సెస్ కట్ కావాలంటే ప్రిన్సెస్ కట్ ఆదే తీసుకురండి. డాట్ల జాకెట్టు నుంచి ఆ కట్ తీస్తే ఛాతీ దగ్గర ముడతలొస్తాయి. సరైన ఆది లేకపోతే షాపుకి రండి, ఒంటి కొలత తీస్తాం. పది నిమిషాల పని.

చీరతో వచ్చే జాకెట్టు ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లుంటుంది. 40 సైజు దాటినవాళ్లకి మోచేతి దాకా చేతులు కావాలంటే అది చాలకపోవచ్చు. చాలకపోతే లోపలి పట్టీలకి వేరే గుడ్డ వేస్తాం, లేదా చేతుల పొడుగు తగ్గిస్తాం. రెంటిలో ఏదో బిల్లు రాసేటప్పుడే చెప్పండి. కత్తెర పెట్టడానికి ముందు ఫోన్ చేస్తే ఎత్తనివాళ్ల బట్ట పక్కన పెట్టి తరువాతి సంచి తీస్తాం. మళ్లీ మీ వంతు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.

లైనింగ్ మీరే తెచ్చుకుంటే తడిపి ఆరేసినదో కాదో చెప్పండి. కాటన్ లైనింగ్ మొదటి ఉతుక్కే కుంచించుకుపోతుంది. పైన పట్టు అలాగే ఉంటుంది, లోపలిది లాగేస్తుంది, జాకెట్టు అంచులు పైకి తిరుగుతాయి. మేమైతే రెండు గంటలు నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరిస్తాం. సెప్టెంబర్‌లో ముసురు పడితే ఆరడానికే ఒక రోజు పోతుంది. లైనింగ్ జాకెట్ల తేదీ లైనింగ్ లేనివాటికన్నా ఐదు రోజులు ముందు పెట్టడానికి ఇదొక కారణం.

మగ్గం వర్క్‌కి అంత ముందెందుకు

ముందు మాస్టర్ మీ ఆది ప్రకారం గుడ్డ మీద మెడ, చేతులు, భుజం గీస్తారు. ఆ గీతల మీదే పని జరుగుతుంది కాబట్టి గుడ్డ మగ్గానికి ఎక్కాక కొలత మార్చడం కుదరదు. "మెడ ఇంకో అంగుళం దించండి" అని తర్వాత ఫోన్ చేస్తే మేం చేయగలిగింది ఏమీ లేదు. డిజైన్‌ని ట్రేసింగ్ కాగితం మీద వేసి, గీత పొడుగునా సూదితో గుచ్చి, ఆ రంధ్రాల మీద కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డముక్కతో రుద్దితే కింద గుడ్డ మీద చుక్కలు పడతాయి. అవి ఆరాకే సూది దిగాలి. తొందరపడి చెయ్యి పెడితే చుక్కలు చెరిగిపోయి పువ్వు వంకరపోతుంది. కుందన్లు అంటించిన గుడ్డ ఒక రాత్రి కదలకుండా ఉండాలి. ఆరకముందే ఇస్త్రీ పెట్టె తగిలితే మొదటిసారి కట్టుకున్నప్పుడే రాళ్లు రాలతాయి. మా దగ్గర రెండు మగ్గాలే. మెడ, చేతుల అంచు వర్క్‌కి ఒకటిన్నర రోజు పడుతుంది. వీపు నిండా వర్క్ అయితే నాలుగైదు రోజులు మగ్గం కదలదు. ఆ తర్వాతే కుట్టుపని మొదలు.

తేదీ దాటాక వస్తే

మగ్గం వర్క్ ఎంత డబ్బిచ్చినా తీసుకోం. బదులుగా సెప్టెంబర్ 13 దాకా కంప్యూటర్ వర్క్ చేయించి ఇవ్వగలం. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది, దాచి చెప్పడం లేదు. దూరానికి నిండుగానే కనిపిస్తుంది, ఖర్చూ తక్కువ. 13 కూడా దాటితే జరీ లేసు వేసి కుట్టించుకోవడమే. ఇప్పుడు మామూలుగా కుట్టించుకుని పండగయ్యాక దాని మీదే మగ్గం వేయిద్దాం అనుకోకండి. కుట్టిన జాకెట్టు మగ్గం మీద సమంగా సాగదు, లైనింగ్ కూడా కలిసి కుట్టుకుపోతుంది.

జాకెట్లకి అర్జెంటు టోకెన్లుంటాయి, రోజుకి మూడే. లైనింగ్ జాకెట్లకి సెప్టెంబర్ 15 నుంచి, లైనింగ్ లేనివాటికి 19 నుంచి. రెంటికీ ఆఖరు రోజు 26, శుక్రవారం. ఉదయం 10 గంటలకి షాపు దగ్గర బట్ట, ఆది చేతిలో ఉన్నవాళ్లకే ఇస్తాం, ఫోన్‌లో పట్టి ఉంచం. ఒకరికి ఒక టోకెను, ఒక టోకెనుకి ఒక జాకెట్టు. రేటు ఒకటిన్నర రెట్లు: లైనింగ్ జాకెట్టు 450 బదులు 675 రూపాయలు, లైనింగ్ లేనిది 250 బదులు 375. ఆ పైడబ్బు రాత్రి 8 దాటాక కూర్చుని కుట్టే మనిషికే వెళ్తుంది. టోకెను ఇచ్చిన మూడో రోజు సాయంత్రం జాకెట్టు ఇస్తాం. 19న ఇచ్చినవి మాత్రం అమావాస్య సెలవు వల్ల 22 సాయంత్రం. మోడల్ మాత్రం సాదా మెడే. డోరీలు, కట్ వర్క్, ప్యాడ్‌లు అర్జెంటులో ఉండవు.

టోకెను దొరకనివాళ్ల బట్ట కావాలంటే ఉంచుకుంటాం, బిల్లు మీద "దసరా తర్వాత" అని ఎర్ర ఇంకుతో రాస్తాం. పైడబ్బు లేదు. అక్టోబర్ 6, సోమవారం నుంచి వచ్చిన వరసలోనే కత్తిరించి 15వ తేదీ లోపల అన్నీ ఇచ్చేస్తాం, దీపావళి 20న కాబట్టి ఆ పండక్కి అందుతాయి. ఎర్ర ఇంకు బిల్లు ఉన్నవాళ్లు "ఏమన్నా ఖాళీ అయిందా" అని రోజూ ఫోన్ చేయొద్దు. ఖాళీ అయితే వరసలో ముందున్నవారికి మేమే చేస్తాం.

వేరేచోట కుట్టించుకుంటామంటే, కత్తెర పడనంతవరకు బట్టతో పాటు అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. కత్తిరించాక అడ్వాన్సు తిరిగి రాదు.

తేదీ లోపల ఇచ్చినా మావల్ల ఆలస్యమైతే? బిల్లు మీద రాసిన రోజుకి జాకెట్టు అందకపోతే కుట్టుకూలిలో సగమే తీసుకుంటాం. పండగ కూడా దాటిపోతే కూలి అసలు తీసుకోం. కరెంటు పోయిందనో, మనిషి రాలేదనో సాకు చెప్పం, ఆ లెక్క చూసుకునే తేదీలు పెట్టాం.

తీసుకెళ్లేటప్పుడు

బిల్లు తప్పనిసరి. ఒకే రంగు జాకెట్లు పది ఉంటాయి, పేరు చెబితే దొరకవు. లోపల గదిలో ఒకసారి తొడుక్కుని చూసుకోండి. ప్రతి జాకెట్టుకీ పక్కల్లో అంగుళం గుడ్డ వదిలి అదనపు కుట్లు వేస్తాం కాబట్టి బిగుతుగా ఉంటే ఒక కుట్టు విప్పితే చాలు, అప్పటికప్పుడే చేసిస్తాం. ఇంటికెళ్లి పండగనాడు ఉదయం తొడుక్కుంటే ఆ వీలుండదు.

సెప్టెంబర్ 28, ఆదివారం కూడా డెలివరీలకి షాపు తీసే ఉంటుంది. 29న మూలా నక్షత్రం. ఆరోజు దుర్గమ్మ కొండ కింద జనమే జనం, ట్రాఫిక్ మళ్లిస్తారు. వన్ టౌన్, భవానీపురం వైపు నుంచి సత్యనారాయణపురం వచ్చేవాళ్లు 28నే తీసుకెళ్లడం మేలు. 30న, అక్టోబర్ 1న రాత్రి 9 దాకా ఉంటాం. కొత్త బట్ట తీసుకోం. 2వ తేదీ మిషన్లకి పూజ, ఆరోజు సూది ముట్టుకోం. 5 దాకా సెలవు.

దీపావళికి లైనింగ్ జాకెట్ల ఆఖరి తేదీ అక్టోబర్ 8, బుధవారం. ఏ సందేహమున్నా బిల్లు మీదున్న నెంబరుకి ఉదయం 10 నుంచి 11 లోపల చేయండి. ఆ తర్వాత మాస్టర్ కత్తెర పట్టుకుంటారు, ఫోన్ ఎత్తరు.

కుట్టు షాపు, సత్యనారాయణపురం, విజయవాడ
18 ఆగస్టు 2025