కార్తీక్‌కి లైబ్రరీ పుస్తకాల గురించి

నమస్తే మేడమ్,

నేను ఫోర్త్ క్లాస్ బి సెక్షన్ కార్తీక్ వాళ్ళ అమ్మని. వాడికి డిస్లెక్సియా ఉందని పోయినేడాది టెస్టుల్లో తేలింది, రిపోర్ట్ క్లాస్ టీచర్‌కి ఇచ్చాం గానీ మీ దాకా వచ్చిందో లేదో తెలీక నేరుగా మీకే రాస్తున్నా.

వాడికి చెవిన పడింది ఏదీ మర్చిపోడు, తిమింగలాల గురించి, గ్రహాల గురించి కదిపితే ఇంక ఆపలేం. చదవమంటేనే ఇబ్బంది. కళ్ళు బానే ఉన్నాయి, చూపించాం కూడా. అక్షరాన్ని దాని శబ్దంతో కలుపుకోవడానికే వాడికి టైమ్ పడుతుంది, మ కి య కి తడబడతాడు, ఒత్తు వస్తే ఆగిపోతాడు, అలా కూడబలుక్కుని లైన్ చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో పోతుంది.

పోయినవారం తెచ్చిన పుస్తకం బ్యాగ్‌లో అడుగున దాచేశాడు. ఏంట్రా అంటే "అది ఫస్ట్ క్లాస్ వాళ్ళదమ్మా, అందరూ చూశారు" అన్నాడు. ఈజీగా ఉంటుందనే ఇచ్చుంటారు మీరు, తప్పు పట్టట్లేదు. కానీ వాడికి తొమ్మిదేళ్ళు మేడమ్, కుందేలు పిల్ల కథలు ఎప్పుడో దాటేశాడు. మాటలు సులువుగా ఉండాలి, విషయం మాత్రం వాడి వయసుదే అయ్యుండాలి, నేనడిగేది ముఖ్యంగా ఇదే.

అక్షరాలు కాస్త పెద్దగా, లైన్ల మధ్య ఖాళీ ఉండి, చాప్టర్లు రెండు మూడు పేజీల్లో అయిపోయేవి ఏమైనా ఉన్నాయా? డిస్లెక్సియా ఫాంట్ అని స్పెషల్‌గా వెతకక్కర్లేదండి, ఖాళీ బాగుంటే మామూలు ఫాంటే చాలు. బొమ్మ మీదే ప్రింట్ చేసిన అక్షరాలు, వంకర్ల ఫాంట్లు మాత్రం వద్దు. కామిక్స్ అంటే ప్రాణం, అయితే ఇంగ్లీష్ వాటిలో అన్నీ క్యాపిటల్ లెటర్సే ఉంటే కష్టపడుతున్నాడు. సిరీస్ ఉంటే ఇంకా మంచిది, అవే పేర్లు అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి రెండో పుస్తకం దగ్గరికొచ్చేసరికి కొంచెం స్పీడ్ అందుకుంటాడు. ఆడియో ఉన్న పుస్తకాలుంటే అది వింటూ పేజీ మీద వేలు పెట్టుకుని ఫాలో అవుతాడు, అది కూడా చదవడమే కదా.

మూడు నాలుగు తీసి పెడితే వాడే ఒకటి ఎంచుకుంటాడు. ఒక పేజీలో నాలుగైదు మాటల కంటే ఎక్కువ దగ్గర ఆగితే అది వాడికి ఎక్కువైనట్టు, కానీ ఈ పరీక్ష నేను ఇంట్లో చూసుకుంటా, అందరి ముందు పైకి చదవమని అడక్కండి ప్లీజ్. వారం సరిపోవట్లేదు, రెండు వారాలు ఉంచుకోనిస్తే బావుంటుంది.

మీ దగ్గర ఏవి ఉన్నాయో చిన్న చీటీ మీద రాసి వాడి డైరీలో పెట్టండి చాలు. గురువారం లైబ్రరీ పీరియడ్ కదా, ఈలోపే వాడితో మాట్లాడి పంపిస్తా.

ఇట్లు,
కార్తీక్ వాళ్ళ అమ్మ