రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు 1996 తీర్పు: నెల్లూరు తీర గ్రామాల కోసం వివరణ

ఎస్. జగన్నాథ్, కేంద్ర ప్రభుత్వం మధ్య నడిచిన వ్యాజ్యంలో జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. మన తీరంలో చెరువుల తగాదా వచ్చినప్పుడల్లా ఈ తీర్పును ఎవరో ఒకరు ప్రస్తావిస్తూనే ఉంటారు. అయితే అందులో వాస్తవంగా నమోదైన మాట ఏది, కోర్టు ఇచ్చిన ఆదేశం ఏది అన్న తేడా తెలియక చాలామంది తప్పుదోవ పడుతున్నారు. అందుకే ఆ భాగాలను ఇక్కడ విడదీసి చెబుతున్నాను.

వాస్తవాలు

కేసు పేరులో జగన్నాథ్‌గా కనిపించే, తమిళనాడుకు చెందిన గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించారు. పెద్ద పెట్టుబడితో, ఎరువులతో, మందులతో సాగే రొయ్యల పెంపకం వల్ల పొలాలు, ఉప్పు మడులు చెరువులుగా మారుతున్నాయని, తాగునీటి బావులు ఉప్పుబారుతున్నాయని, వేటకు వెళ్లే మత్స్యకారులకు ఒడ్డుకు దారి లేకుండా పోతోందని ఆయన ఫిర్యాదు. కోర్టు ఈ మాటలను ఉన్నపళంగా నమ్మలేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థను, అంటే నీరిని, తీరానికి పంపి నివేదికలు తెప్పించుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సాగు కలిగించే నష్టం దాని ఆదాయానికి దాదాపు 4 రెట్లని ఆ నివేదిక లెక్కగట్టింది. నెల్లూరు జిల్లాలోని కూరు గ్రామంలో 600 మంది మత్స్యకారులకు తాగునీరు కరువైందని, ఆడవాళ్లు ఆందోళన చేశాక ట్యాంకర్లతో నీళ్లు పంపారని తీర్పులో ఉంది. అది చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. కానీ ఆ వాక్యం ఆదేశం కాదు, కోర్టు ముందుకు వచ్చిన పరిస్థితుల వర్ణన మాత్రమే. దాన్ని పట్టుకుని ఎవరి చెరువుకూ గండి కొట్టే హక్కు రాదు.

తేల్చవలసిన ప్రశ్నలు

అసలు ప్రశ్న ఒక్కటే. 1991 ఫిబ్రవరి 19 నాటి తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ గరిష్ఠ పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు కొత్త పరిశ్రమలను నిషేధించి, సముద్రపు ఒడ్డుతో నేరుగా సంబంధం ఉన్నవాటికి, ఒడ్డు వసతులు నేరుగా అవసరమైనవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. రొయ్యల చెరువు ఆ మినహాయింపు కిందికి వస్తుందా? రాకపోతే, ఇప్పటికే జరిగిన నష్టానికి ఎవరు బాధ్యులన్నది దాని వెనకే వచ్చే ప్రశ్న.

కోర్టు తర్కం

ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. సముద్రపు నీరు లేనిదే రొయ్య బతకదు కనుక తమది ఒడ్డుతో నేరుగా ముడిపడిన వృత్తేనని చెరువుల యజమానులు వాదించారు. వినడానికి ఇది న్యాయంగానే తోస్తుంది. కోర్టు మాత్రం, రొయ్యకు కావలసింది ఉప్పు కలిసిన నీరే గాని సముద్రపు ఒడ్డు కాదని, ఓడల రేవుకు ఒడ్డు ఎలా తప్పనిసరో చెరువుకు అలా తప్పనిసరి కాదని తేల్చింది. తీర్పు మొత్తానికీ ఈ తేడాయే ఇరుసు. ఆ తర్వాత అదే ఏడాది వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో తాను చెప్పిన రెండు సూత్రాలను తెచ్చింది. నష్టం జరుగుతుందన్న శాస్త్రీయ నిర్ధారణ పూర్తిగా లేకపోయినా ముందే నివారించాలన్నది మొదటిది. కాలుష్యం చేసినవారే బాధితులకు పరిహారంతో పాటు నేలను, నీటిని మళ్లీ బాగుచేసే ఖర్చు కూడా భరించాలన్నది రెండోది. తరతరాలుగా వస్తున్న సంప్రదాయ సాగును, దాన్ని కొంత మెరుగుపరిచిన పద్ధతిని కోర్టు ఈ పెద్ద సాగుతో ఒకే గాటన కట్టలేదు.

తుది ఉత్తర్వు

నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతులు తప్ప మిగతా రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలి. అప్పట్లో మన జిల్లాలో భాగమైన పులికాట్ సరస్సుకూ, ఒడిశాలోని చిలికా సరస్సుకూ 1,000 మీటర్ల లోపు కూడా ఇదే నిషేధం. వ్యవసాయ భూములు, ఉప్పు మడులు, మడ అడవులు, గ్రామ ఉమ్మడి భూములను చెరువులుగా మార్చకూడదు. కేంద్రం ఒక ప్రాధికార సంస్థను నియమించాలి. ఆ సంస్థ నష్టపోయిన కుటుంబాలను గుర్తించి పరిహారం లెక్కగడితే, కలెక్టరు ఆ సొమ్మును యజమానుల నుంచి భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలి. పని పోయిన కూలీలకు కూడా పరిహారం ఇమ్మన్నారు.

ఈ ఉత్తర్వు యథాతథంగా అమలు కాలేదని తప్పక గుర్తుంచుకోవాలి. సమీక్ష పిటిషన్లు పడ్డాక 1997లో సుప్రీంకోర్టే కూల్చివేతలను నిలిపివేసింది. 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకు రిజిస్ట్రేషన్ విధానం తెచ్చింది. 2023లో దాన్ని సవరించింది. కనుక నేడు మన ఊరి పక్క చెరువు మీద ఫిర్యాదు రాసేవారు 1996 ఉత్తర్వును మాత్రమే ఉటంకించి ఊరుకోకుండా, ఆ చెరువుకు రిజిస్ట్రేషన్ ఉందా, పోటు రేఖకు ఎంత దూరంలో ఉంది, వదిలే నీరు ఏ కాలువలో కలుస్తోంది అన్న వివరాలు సేకరించి, ఈ చట్టం ప్రకారం అర్జీ రాయాలి.